సమస్య, పద్ధతి, ఫలితం: కన్సల్టింగ్ కేస్ స్టడీని నిక్కచ్చిగా రాయడం

కన్సల్టింగ్ సంస్థ ఒక కంపెనీలో పని ముగించాక అక్కడ ఏం జరిగిందో రెండు మూడు పేజీల్లో రాసి పెట్టుకుంటుంది. దాన్నే కేస్ స్టడీ అంటారు. దాన్ని ముఖ్యంగా చదివేది అలాంటి ఇబ్బందితోనే ఉన్న మరో కంపెనీ యజమాని. ఈ సలహాదారులకు ఫీజు కట్టాలా వద్దా అని అతను ఆ రెండు పేజీలు చూసి ఆలోచిస్తాడు. అందుకే కేస్ స్టడీకి మూడు భాగాల రూపం స్థిరపడింది. కంపెనీకి ఉన్న సమస్య ఏమిటి, దాన్ని ఏ పద్ధతిలో పట్టుకున్నారు, చివరికి అంకెల్లో ఏం మారింది అన్నవి ఆ మూడు.

అతిశయోక్తి చేరేది మూడో భాగంలో అని అందరూ అనుకుంటారు. దాని వేళ్లు చాలాసార్లు మొదటి భాగంలోనే ఉంటాయి. సమస్యను చెప్పేటప్పుడు కొలత ఏదీ రాయకపోతే, పని ముగిశాక ఏ అంకె బాగా కనిపిస్తే దాన్నే ఫలితమని చూపించే వీలు దొరుకుతుంది. అలా రాసినవాళ్లు అబద్ధం ఆడినట్లు కూడా కాదు, ఎందుకంటే అంకె నిజమైనదే. అది మొదట అడిగిన ప్రశ్నకు జవాబు అవునో కాదో మాత్రం ఎవరూ చెప్పలేరు.

కన్సల్టింగ్ వల్ల నిజంగా ఎంత మార్పు వస్తుందో జాగ్రత్తగా కొలిచిన సందర్భాలు ప్రపంచంలోనే తక్కువ. వాటిలో బాగా పేరున్నది మన దేశంలోనే, ముంబయికి ఉత్తరాన తారాపూర్, ఉంబర్‌గావ్ ప్రాంతాల నేత మిల్లుల్లో జరిగింది. నికొలస్ బ్లూమ్, బెన్ ఐఫర్ట్, అప్రజిత్ మహాజన్, డేవిడ్ మెకంజీ, జాన్ రాబర్ట్స్ అనే అయిదుగురు ఆర్థికవేత్తలు 2008లో ఈ పని మొదలుపెట్టారు. నూలు బట్ట నేసే 17 సంస్థలకు చెందిన 28 మిల్లులను వాళ్లు పరిశీలించారు. ఒక అంతర్జాతీయ కన్సల్టింగ్ సంస్థ మనుషులు కొన్ని మిల్లుల్లో పూర్తిస్థాయిలో పనిచేశారు. మరికొన్ని మిల్లుల్లో పరిస్థితిని పరిశీలించి చెప్పి ఆగిపోయారు. ఏ సంస్థకు ఏది అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. అది పరిశోధనా పత్రమే అయినా, కేస్ స్టడీ రాసేవాళ్లు దాని నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది.

ఆ మిల్లులు చిన్నవేమీ కావు. ఒక్కో సంస్థలో సగటున 270 మంది దాకా పనిచేసేవారు. అయినా చాలా చోట్ల నూలు ఏ రకం ఎంత ఉందో తెలిపే చిట్టా ఉండేది కాదు. విడిభాగాలు కలగాపులగంగా పడి ఉండేవి. బట్టలో పడిన లోపాలను బాగుచేసేవారే కానీ ఏ లోపం ఏ మగ్గం మీద ఎన్నిసార్లు వస్తోందో రాసి పెట్టేవారు తక్కువ. మగ్గం ఆగిపోయాకే దాన్ని విప్పేవారు. మామూలు కేస్ స్టడీ ఈ పరిస్థితిని ‘కార్యకలాపాల్లో సామర్థ్యం కొరవడింది’ అనే ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. ఆ వాక్యం ఏ మిల్లుకైనా, ఏ ఆస్పత్రికైనా, ఏ బ్యాంకుకైనా అతుకుతుంది. అంటే అది సమస్యను చెప్పలేదన్నమాట.

సమస్య భాగంలో ఉండవలసిన వివరాలు నాలుగు. ఏది చెడుతోంది, దాన్ని ఎలా లెక్కిస్తారు, పని మొదలయ్యే ముందు ఎంత కాలానికి ఆ లెక్క ఎంత ఉంది, దానివల్ల కంపెనీకి పడుతున్న భారం ఏమిటి. వీటిలో మూడోదానిపైనే ఎక్కువ శ్రద్ధ కావాలి. ఆ అంకెను బేస్‌లైన్ అంటారు. తర్వాత చెప్పే ఫలితమంతా దాని మీదే నిలబడుతుంది.

ఇది స్పష్టంగా తెలియడానికి ఒక ఊహా మిల్లును తీసుకుందాం. దానికి రెండు షెడ్లు ఉన్నాయి, రెండింటిలోనూ ఒకే రకం మగ్గాలు నడుస్తాయి, ఒకే రకం బట్ట నేస్తారు. మొదటి షెడ్డులో గత ఆరు నెలల సగటు తీస్తే వెయ్యి మీటర్ల బట్టకు 50 లోపాలు తేలాయి. ఆ ఆరు నెలల్లో అన్నిటికన్నా చెడ్డ నెలలో 65 పడ్డాయి. కొనుగోలుదారు సరుకు తిప్పి పంపింది ఆ నెలలోనే, యజమాని కన్సల్టెంట్లకు ఫోన్ చేసిందీ ఆ నెలలోనే. పని మొదలై, కొత్త పద్ధతి కుదురుకున్నాక వచ్చిన ఆరు నెలల సగటు 32. ఆ కాలంలో అన్నిటికన్నా మంచి నెలలో 28 లోపాలే వచ్చాయి.

ఇప్పుడు కేస్ స్టడీ రాసే వ్యక్తి ముందు రెండు దారులు ఉన్నాయి. చెడ్డ నెలను మంచి నెలతో పోలిస్తే 65 నుంచి 28కి, అంటే లోపాలు 57 శాతం తగ్గాయని రాయవచ్చు. సగటును సగటుతో పోలిస్తే 50 నుంచి 32కి, అంటే 36 శాతం తగ్గాయని వస్తుంది. మొదటి అంకెలో కూడిక తీసివేతల తప్పు లేదు, ఉన్నది ఎంపికలోనే. ఏ ఫ్యాక్టరీలోనైనా నెల నెలకూ అంకెలు పైకీ కిందికీ ఆడుతూనే ఉంటాయి. మరీ చెడ్డ నెల తర్వాత వచ్చే నెల, ఎవరూ ఏమీ చేయకపోయినా, సాధారణంగా కొంత మెరుగ్గానే ఉంటుంది. అసలు సలహాదారులను పిలిచేదే అలాంటి చెడ్డ కాలంలో కాబట్టి, ఆ సహజమైన కోలుకోవడం కూడా వాళ్ల ఖాతాలో పడిపోతుంది. దీన్ని తప్పించాలంటే బేస్‌లైన్ కాలాన్ని పని మొదలుకాకముందే నిర్ణయించి, కాగితం మీద పెట్టి, క్లయింటు చేత సంతకం చేయించాలి. కాలవ్యవధిని ఫలితం చూశాక ఎంచుకుంటే ఎంత నిజాయితీపరుడైనా తనకు తెలియకుండానే అనుకూలమైన నెల వైపు మొగ్గుతాడు.

బేస్‌లైన్ విషయంలో మరో చిక్కు ఉంది. చాలా కంపెనీల్లో పాత లెక్కలే ఉండవు. లోపాలు రాసే పుస్తకం కన్సల్టెంట్లు వచ్చాకే మొదలవుతుంది. అంతకుముందు ఎవరూ గమనించని లోపాలు ఇప్పుడు కాగితానికి ఎక్కుతాయి కాబట్టి మొదటి కొన్ని వారాల్లో లెక్క పెరిగినట్లు కనిపిస్తుంది. ఆ పెరిగిన అంకెనే ప్రారంభస్థానంగా తీసుకుంటే తర్వాతి తగ్గుదల పెద్దదిగా కనిపిస్తుంది. పాత లెక్క లేనప్పుడు ఆ సంగతి కేస్ స్టడీలోనే చెప్పాలి. ‘కొలత మొదలైన నాటి నుంచి’ అన్న నాలుగు మాటలు చేరిస్తే పాఠకుడు దాన్ని అందుకు తగినట్లే చదువుకుంటాడు.

రెండో భాగం పద్ధతి. ఇక్కడ ఎక్కువ కేస్ స్టడీలు సిద్ధాంతాల పేర్లతో నిండిపోతాయి. చదివే యజమానికి కావలసింది వేరు. ఎంతమంది వచ్చారు, ఎన్నాళ్లు ఉన్నారు, తన మనుషులు ఎంత సమయం ఇవ్వాల్సి వచ్చింది, రోజువారీ పనిలో ఏది మారింది అన్నది అతనికి తెలియాలి. మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దులోని ఆ మిల్లుల్లో పని ఇలా సాగింది. మొదటి నెల పరిశీలన. ఆ తర్వాత నాలుగు నెలల పాటు కన్సల్టెంట్లు మిల్లులోనే ఉండి అమలు చేయించారు. ఫ్యాక్టరీ నిర్వహణ, నాణ్యత, నూలు నిల్వలు, సిబ్బంది, అమ్మకాలు, ఆర్డర్లు అన్న విషయాల్లో మొత్తం 38 అలవాట్ల జాబితా వేసుకున్నారు. అవేవీ గొప్ప ఆవిష్కరణలు కావు. మగ్గాలకు ముందస్తుగా మరమ్మతు చేయడం, లోపాలను రకాలవారీగా రాయడం, మేనేజర్లు రోజూ కలిసి ఆ లెక్క చూడడం, నూలుకు చీటీలు కట్టి రకాలవారీగా పేర్చడం లాంటివి.

ఈ భాగాన్ని బాగా రాశారా లేదా అన్నది ఒక పరీక్షతో తేలుతుంది. చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ మధ్య ఉన్న మెట్లు పాఠకుడికి కనిపించాలి. ఊహా మిల్లులో అయితే ఇలా ఉంటుంది. ప్రతి షిఫ్టులో లోపాన్ని రకం, మగ్గం నంబరుతో సహా రాశారు. ఉదయం పది నిమిషాల సమావేశంలో ఫోర్‌మన్, మెకానిక్ ఆ కాగితం చూశారు. ఒకే మగ్గం మీద ఒకే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ రోజే దాన్ని ఆపి సరిచేశారు. లోపాలు ఎందుకు తగ్గాయో ఇక్కడ అర్థమవుతుంది. అదే కాలంలో మిల్లు మేలు రకం నూలు కొనడం మొదలుపెట్టి ఉంటే, తగ్గుదలలో కొంత భాగం ఆ నూలుది. దాన్ని పద్ధతి భాగంలో చెప్పకుండా వదిలేయడం, కేస్ స్టడీల్లో ఎక్కువగా కనిపించే దాపరికం. కొత్త యంత్రాలు, కొత్త మేనేజరు, మారిన ఆర్డర్లు కూడా ఈ కోవలోకే వస్తాయి.

చెప్పినవన్నీ జరగలేదన్న విషయం కూడా ఇక్కడే రావాలి. ఆ పరిశోధనలో పూర్తి సహాయం అందిన మిల్లులు 38 అలవాట్లలో అన్నిటినీ అందుకోలేదు. సగటున వాటి అమలు దాదాపు 38 శాతం పాయింట్లు పెరిగింది. పరిశీలన మాత్రమే జరిగిన మిల్లుల్లో కూడా దాదాపు 12 శాతం పాయింట్ల పెరుగుదల కనిపించింది. ఎవరో వచ్చి చూసి, లోటు ఎక్కడో చెప్పి వెళ్లినా కొంత మార్పు వస్తుందన్నమాట. ఈ రెండో అంకె చేతిలో లేకపోతే, వచ్చిన పెరుగుదల మొత్తం నాలుగు నెలల అమలు వల్లే వచ్చిందని రాసేసే ప్రమాదం ఉండేది.

దాంతో మూడో భాగంలోని అసలు ప్రశ్న ముందుకొస్తుంది. సలహాదారులు రాకపోయి ఉంటే ఏం జరిగేది? ముందు, తర్వాత అన్న రెండు అంకెలు ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేవు. ఊహా మిల్లులో రెండో షెడ్డు అక్కరకొచ్చేది ఇక్కడే. అందులో పని ఇంకా మొదలుపెట్టలేదు. అదే కాలానికి అక్కడి సగటు 48 నుంచి 43కి తగ్గింది. వర్షాకాలం పోయి గాలిలో తేమ మారి ఉండవచ్చు, నూలు మెరుగుపడి ఉండవచ్చు, పక్క షెడ్డులో జరిగేది చూసి అక్కడి వాళ్లే జాగ్రత్తపడి ఉండవచ్చు. కారణం ఏదైనా, ఆ 5 లోపాల తగ్గుదల కన్సల్టెంట్ల పని లేకుండా వచ్చింది. మొదటి షెడ్డులో తగ్గినవి 18. అందులోంచి ఈ 5 తీసేస్తే 13 మిగులుతాయి. 50లో 13 అంటే 26 శాతం.

అలా ఒకే మిల్లుకు, ఒకే పనికి, మూడు అంకెలు వచ్చాయి: 57, 36, 26. మూడూ లెక్క ప్రకారం సరైనవే. కన్సల్టింగ్ సంస్థ తన పని ఫలితంగా చెప్పుకోదగినది చివరిది. 36ను కూడా రాయవచ్చు కానీ పక్కనే రెండో షెడ్డు సంగతి రాయాలి. 57కు కేస్ స్టడీలో చోటు లేదు.

ప్రతి కంపెనీలోనూ ఇలా పోల్చదగిన రెండో షెడ్డు దొరకదు. దొరికే అవకాశాన్ని మాత్రం ముందే కల్పించుకోవచ్చు. పనిని అన్ని విభాగాల్లో ఒకేసారి మొదలుపెట్టకుండా, ఒక దాని తర్వాత ఒకటిగా మొదలుపెడితే, వంతు రాని విభాగం కొన్ని నెలల పాటు పోలికకు ఉపయోగపడుతుంది. క్లయింటుకు అదనపు ఖర్చు కూడా దాదాపు ఉండదు. అదీ కుదరనప్పుడు కిందటేడు అదే నెలలతో పోల్చడం కొంత నయం. కనీసం రుతువుల తేడా అయినా లెక్కలోంచి పోతుంది.

అంకెను ఏ రూపంలో రాస్తారన్న దానిలోనూ మెలకువ కావాలి. వృథా 5 శాతం నుంచి 4 శాతానికి తగ్గితే, ‘20 శాతం తగ్గుదల’ అని రాయవచ్చు, ‘ఒక శాతం పాయింటు తగ్గుదల’ అనీ రాయవచ్చు. మొదటిది పెద్దగా, రెండోది చిన్నగా వినిపిస్తుంది. ఈ తగాదా తీర్చే సులభమైన మార్గం రెండు అసలు అంకెలనూ రాసేయడం. ‘వృథా 5 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది’ అన్నాక పాఠకుడు మోసపోయే వీలు లేదు.

అతిశయోక్తి అన్నిటికన్నా తేలికగా చేరేది డబ్బు లెక్కలో. ఊహా మిల్లులో నూలు నిల్వ రెండు కోట్ల రూపాయల నుంచి కోటీ అరవై లక్షలకు తగ్గిందనుకుందాం. ‘40 లక్షల ఆదా’ అని కేస్ స్టడీలో కనిపిస్తుంది, కొన్నిసార్లు దాని ముందు ‘ఏటా’ అన్న మాట కూడా చేరుతుంది. గోదాములో నూలు రూపంలో ఇరుక్కున్న 40 లక్షలు ఒక్కసారి చేతికి వస్తాయి, అంతే. వచ్చే ఏడు మళ్లీ రావు. ఏటా మిగిలేది ఆ 40 లక్షల మీద కట్టాల్సిన వడ్డీ. పన్నెండు శాతం చొప్పున అది 4 లక్షల 80 వేలు. గోదాము అద్దె, పాడయ్యే నూలు విలువ కలిస్తే ఇంకొంత పెరుగుతుంది. 40 లక్షలకూ 4 లక్షల 80 వేలకూ ఉన్న దూరం, ఆ కేస్ స్టడీ నమ్మదగినదా కాదా అన్న దూరం. సిబ్బంది సమయం మిగిలిందని చెప్పే ఆదాలదీ ఇదే కథ. ఇద్దరి పని మిగిలినా ఆ ఇద్దరికీ జీతం ఇస్తూనే ఉంటే కంపెనీ ఖాతాలో రూపాయి కూడా తగ్గదు. అది ఖాళీ అయిన సామర్థ్యం, దాన్ని వేరే పనికి వాడినప్పుడే డబ్బుగా మారుతుంది.

ముంబయి పరిశోధకులు ఈ విషయంలో చూపిన సంయమనం గమనించదగినది. మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగిందని వాళ్లు రాశారు. అది పోలిక మిల్లులతో చూసి తేల్చిన అంకె. లాభం దగ్గరికి వచ్చేసరికి భాష మారుతుంది. మిల్లుల లాభనష్టాల పట్టీలను నమ్మి చెప్పిన లెక్క కాదది. నాణ్యత, నిల్వలు, ఉత్పత్తి మెరుగుపడిన దాన్నిబట్టి ఒక్కో మిల్లుకు ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైగా లాభం పెరిగి ఉంటుందని కట్టిన అంచనా. దాన్ని అంచనా అనే చెప్పారు. మార్కెట్ ధరకు అయితే అంత కన్సల్టింగ్‌కు రెండున్నర లక్షల డాలర్లు అయ్యేదని ఖర్చునూ ఇచ్చారు. వ్యాపార కేస్ స్టడీల్లో ఫీజు అంకె దాదాపు ఎప్పుడూ కనిపించదు. గోప్యత వల్ల రూపాయల్లో చెప్పలేకపోయినా, ఎన్ని మనిషి-నెలల పని పట్టిందో రాయడానికి అడ్డేమీ లేదు. ఫలితం ఎంత ఖర్చు మీద వచ్చిందో తెలియకపోతే అది పెద్దదో చిన్నదో తెలియదు.

ఫలితానికి తేదీ కూడా ఉండాలి. 2017లో ఆ పరిశోధకుల్లో కొందరు మళ్లీ అవే మిల్లులకు వెళ్లి చూశారు. కన్సల్టెంట్ల సాయంతో అలవడిన పద్ధతుల్లో దాదాపు సగం ఆ మిల్లుల్లో ఆగిపోయాయి. మేనేజర్లు మారడం, యజమానులకు తీరిక లేకపోవడం అందుకు చెప్పుకోదగ్గ కారణాలు. అయినా పూర్తి సహాయం అందిన మిల్లులు పోలిక మిల్లుల కన్నా అప్పటికీ ముందే ఉన్నాయి. అదే యజమానుల చేతిలోని ఇతర మిల్లులకు కొన్ని పద్ధతులు పాకాయి కూడా. ఈ మూడు సంగతులూ కలిస్తేనే పూర్తి చిత్రం. పని ముగిసిన నెలలోనే కేస్ స్టడీ రాస్తే ఇందులో ఏదీ తెలియదు. కాబట్టి ‘లోపాలు 26 శాతం తగ్గాయి’ అన్న వాక్యంలో ‘అమలు ముగిశాక మొదటి ఆరు నెలల్లో’ అన్న మాటలు చేరాలి. సంస్థ ఏడాది తర్వాత ఒక ఫోన్ చేసి అదే అంకె అడిగి తెలుసుకుని, అది పడిపోయి ఉన్నా సరే కేస్ స్టడీలో చేరిస్తే, అలాంటి పత్రం చాలా అరుదైనది, చాలా విలువైనది.

ఏ క్లయింటు గురించి రాస్తున్నారన్నది మరో పరిమితి. ఆ పరిశోధన కోసం మొదట 66 సంస్థలను సంప్రదిస్తే చివరికి ఒప్పుకున్నవి 17. ఉచితంగా వచ్చిన సహాయానికి తమ సమయం ఇవ్వడానికి సిద్ధపడ్డ యజమానులవి అవి. అలా సిద్ధపడని చోట ఫలితం ఎలా ఉంటుందో ఆ లెక్క చెప్పదు, పరిశోధకులు ఈ సంఖ్యలను దాచలేదు. కన్సల్టింగ్ సంస్థ పరిస్థితి దీనికన్నా చిక్కైనది. అది పదిచోట్ల పనిచేసి బాగా కుదిరిన ఒక్కచోటు గురించి రాస్తుంది. ఆ ఒక్కటీ అక్షరాలా నిజమైనా, తనకూ అంతే ఫలితం వస్తుందని చదివేవాడు ఆశ పడతాడు. ఇలాంటి పనులు ఎన్ని చేశారో, వాటిలో ఇది మధ్యరకమా, మేటిరకమా అన్నది ఒక్క వాక్యంలో చెప్పాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటే కేస్ స్టడీ చప్పబడిపోతుందన్న భయం రాసేవాళ్లలో ఉంటుంది. ఊహా మిల్లు కథను ఆ జాగ్రత్తలతోనే రాస్తే ఎలా ఉంటుందో చూడవచ్చు:

‘రెండు షెడ్ల నేత మిల్లు. మొదటి షెడ్డులో ఆరు నెలల సగటున వెయ్యి మీటర్లకు 50 లోపాలు పడుతున్నాయి, ఏ మగ్గం మీద పడుతున్నాయో లెక్క లేదు. ఇద్దరు కన్సల్టెంట్లు నాలుగు నెలలు పనిచేశారు. షిఫ్టువారీ లోపాల పట్టిక, రోజూ ఉదయం ఫోర్‌మన్, మెకానిక్‌ల సమావేశం, ముందస్తు మరమ్మతు మొదలయ్యాయి. సిబ్బందికి బోనస్ పథకం కూడా సూచించాం, యాజమాన్యం దాన్ని అమలు చేయలేదు. అమలు ముగిశాక మొదటి ఆరు నెలల్లో లోపాలు 50 నుంచి 32కి తగ్గాయి. పని జరగని రెండో షెడ్డులో అదే కాలంలో 48 నుంచి 43కి తగ్గాయి. కాబట్టి మా పనికి ఆపాదించదగిన తగ్గుదల సుమారు 26 శాతం. నూలు నిల్వ రెండు కోట్ల నుంచి కోటీ అరవై లక్షలకు తగ్గింది. దీనివల్ల ఏటా మిగిలే వడ్డీ 4 లక్షల 80 వేలు. అంకెలు మిల్లు రికార్డుల నుంచి తీసుకున్నవి, మిల్లు అకౌంటెంట్ సరిచూశారు.’

ఇందులో ‘విప్లవాత్మకం’ లేదు, ‘సంపూర్ణ పరివర్తన’ లేదు. అనుభవమున్న యజమాని దీన్ని చదివి తన మిల్లులో వెయ్యి మీటర్లకు ఎన్ని లోపాలు పడుతున్నాయో అడిగి తెలుసుకుంటాడు, తన దగ్గర ఆ లెక్కే లేకపోతే ఆ సంగతీ గ్రహిస్తాడు. అమలు కాని బోనస్ పథకం ప్రస్తావన చూసి, మిగతా వాక్యాలను ఇంకాస్త నమ్ముతాడు.

ఇక అచ్చుకు వెళ్లే ముందు మిగిలేది సరిచూడడం. ప్రతి అంకెకూ అది ఏ పుస్తకంలోంచి, ఏ తేదీల మధ్య వచ్చిందో చూపే ఒక కాగితం సంస్థ దగ్గర ఉండాలి. పనిచేసిన బృందంలో లేని మరొకరు ఆ కాగితం పట్టుకుని లెక్క మళ్లీ కట్టాలి. క్లయింటు అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. పేరు వద్దంటే ‘నేత మిల్లు’ అని రాసి, పోటీదారులు గుర్తుపట్టే వివరాలు తీసేయాలి. ఆ ముసుగును ఆసరా చేసుకుని అంకెలు పెంచకూడదు, ఎందుకంటే పేరు లేని చోట పాఠకుడికి వాటిని సరిచూసుకునే దారి ఉండదు. క్లయింటు స్వయంగా ‘ఇంకా ఎక్కువే తగ్గాయి, 40 శాతం అని రాయండి’ అన్నా, రికార్డుల్లో ఉన్నది 36 అయితే, రెండో షెడ్డును తీసేస్తే 26 అయితే, అచ్చులో ఆ రెండే ఉండాలి.